మీ బస్సు టైమే మా పిల్లల పడక టైము: స్కూలు యాజమాన్యాలకు ఒక పిల్లల డాక్టరు బహిరంగ లేఖ

ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలకు, ముఖ్యంగా బస్సు రూట్లు వేసే ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జిలకు, నమస్కారం.

నేను హైదరాబాదు శివార్లలో చిన్న క్లినిక్ నడుపుకునే పిల్లల డాక్టరుని. ఏటా బడులు తెరిచిన రెండు వారాలకు నా దగ్గర ఒకే రకం కేసులు మొదలవుతాయి. అందరూ ఒకటో తరగతిలో కొత్తగా చేరిన ఐదేళ్ల పిల్లలే. పొద్దున్నే కడుపునొప్పి అంటారు. టిఫిన్ ముట్టుకోరు. బస్సులో వాంతి చేసుకుంటారు. సాయంత్రమైతే సాక్సు వంకరగా ఉందని కూడా అరగంట ఏడుస్తారు. రక్తం తక్కువైందేమో, కడుపులో పురుగులున్నాయేమో చూడమంటారు తల్లిదండ్రులు. చూస్తాను, కొందరికి అవీ ఉంటాయి. కానీ పరీక్షలు రాసే ముందు నేను అడిగే ప్రశ్న వేరు: "మీ స్టాపుకి బస్సు ఎన్నింటికి వస్తుందమ్మా?"

ఎందుకంటే ఐదేళ్ల బిడ్డ రాత్రి ఎన్నింటికి పడుకోవాలో తేల్చేది తల్లి కాదు, మీ ఆఫీసులో తయారయ్యే రూట్ షీటు. అది వేసేవాళ్లకి ఈ సంగతి తెలిసినట్టు లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఐదేళ్ల పిల్లలకు రోజు మొత్తంలో పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి, పగటి కునుకుతో కలిపి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు చెప్పిన లెక్క ఇది. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు అంది. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతిని ఆరేళ్ల వయసుకు పెట్టినా, మన దగ్గర ఐదు నిండగానే చేర్చేయడం పాత అలవాటు. కాబట్టి మీ ఒకటో తరగతి బెంచీల మీద కూర్చున్నవాళ్లలో చాలామంది ఇంకా మొదటి లెక్కలోని పిల్లలే. నేనైతే పది గంటలకు తగ్గకూడదు అన్నదే పట్టుకుంటాను.

ఇప్పుడు బస్సు దగ్గర్నుంచి వెనక్కి లెక్క వేద్దాం. బస్సు 6:40కి వస్తుందనుకోండి. లేపడం, పళ్లు తోమించడం, బాత్‌రూమ్, స్నానం, రెండు ఇడ్లీ ముక్కలు, యూనిఫామ్, షూస్, కిందికి దిగి గేటు దాకా నడవడం, అన్నీ కలిపి ఎంత తొందరపెట్టినా 55 నిమిషాలు. అంటే 5:45కి లేవాలి. పది గంటలు వెనక్కి వెళితే రాత్రి 7:45కి నిద్రలో ఉండాలి. లైటు తీయగానే ఏ పిల్లా నిద్రపోదు, పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే 7:25కి పక్క మీద ఉండాలి. అన్నం ఆరున్నరకి తినాలి.

ఆరున్నరకి అన్నం ఎవరింట్లో తింటున్నారో చెప్పండి. బడి వదిలాక అదే బస్సులో తిరిగి వచ్చి, సాయంత్రం నాలుగున్నరకి ఇంటికి చేరిన బిడ్డ అప్పుడే స్నాక్స్ తిని ఆడుకోవడానికి దిగి ఉంటుంది. అమ్మ ఆఫీసు నుంచి వచ్చేది ఏడుకి, నాన్న వచ్చేది ఎనిమిదిన్నరకి.

ఈ మాట ఎత్తితే ఒక ప్రిన్సిపాల్ గారు నాతో, "పిల్లల్ని త్వరగా పడుకోబెట్టాల్సింది తల్లిదండ్రులు కదండీ, మమ్మల్నంటారేం" అన్నారు. ఆ మాటలో సగం నిజముంది, ఒప్పుకుంటాను. పొద్దున్నే లేవడం ఐదేళ్ల బిడ్డకు దానంతటది హింస కాదు. యుక్తవయసులోకి వచ్చే పిల్లల శరీర గడియారం వెనక్కి జరుగుతుంది, వాళ్లను పదింటికి పడుకోబెట్టినా నిద్ర రాదు. ఐదేళ్ల వాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ఎనిమిదికి నిద్రపోతే ఆరుకి హాయిగా లేస్తారు. గొడవంతా ఆ ఎనిమిది దగ్గరే. ఇంట్లో టీవీ, ట్యూబ్‌లైట్లు, ఆలస్యంగా వండే వంట, అప్పుడే ఇంటికొచ్చిన నాన్నతో ఆట, ఇవన్నీ సర్దుకోవాల్సింది ఇల్లే. ఆ పని నేను రోజూ తల్లిదండ్రులతో చేయిస్తూనే ఉన్నాను. కానీ సర్దుబాటుకూ ఒక హద్దుంటుంది. పడక టైము ఎనిమిదింపావు అంటే ఏ ఇల్లైనా కష్టపడి చేరుకుంటుంది. ఏడున్నర అంటే నాలుగు రోజులు ప్రయత్నించి వదిలేస్తుంది. ఆ ముప్పావు గంట మీ చేతిలో ఉంది.

పోయినేడు చూసిన ఒక బాబు సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. ఐదేళ్ల నాలుగు నెలలు. అంతకుముందు ఇంటి పక్క ప్లేస్కూలు, తొమ్మిదిన్నరకి వెళ్లేవాడు. రాత్రి పదిన్నరకి పడుకుని ఎనిమిదికి లేచేవాడు, మధ్యాహ్నం గంటన్నర నిద్ర. మొత్తం పదకొండు గంటలు. ఆలస్యంగా పడుకునేవాడే గాని నిద్రకు లోటు లేదు. జూన్‌లో పెద్ద స్కూల్లో ఒకటో తరగతి. ఆ రూట్‌లో మొదటి స్టాపు వాళ్లదే, 6:40. స్కూలు ఎనిమిదికి. దూరం పది కిలోమీటర్ల లోపే, కానీ బస్సు గేటెడ్ కమ్యూనిటీలన్నీ చుట్టుకుని వెళ్లేసరికి గంటా పది నిమిషాలు.

లేచేది 5:45కి మారింది. పడుకునేది మాత్రం పదిన్నర దగ్గరే ఆగింది. అంటే రాత్రి నిద్ర ఏడుంపావు గంటలు. సాయంత్రం బస్సెక్కగానే తల వాల్చేసి దాదాపు గంట నిద్రపోయేవాడు. అదీ కలిపితే ఎనిమిదింపావు. పది గంటలు పెట్టుకున్నా రోజుకి గంటా ముప్పావు లోటు, ఐదు రోజులకి దాదాపు తొమ్మిది గంటలు. శనాదివారాలు పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు, ఆదివారం రాత్రి పదకొండైనా నిద్ర వచ్చేది కాదు, సోమవారం మళ్లీ మొదటికి.

వాళ్లమ్మ ఇవేవీ చెప్పడానికి రాలేదు. కడుపునొప్పని తీసుకొచ్చింది. డైరీలో టీచరు రాసిన వాక్యం కూడా చూపించింది: "ఒక్క చోట కూర్చోడు, పక్కవాళ్లను గిల్లుతున్నాడు." ఇక్కడ చాలామంది పొరబడతారు. నిద్ర చాలని పెద్దవాళ్లు ఆవలిస్తారు, మందకొడిగా ఉంటారు. చిన్నపిల్లలు చాలాసార్లు అందుకు పూర్తి భిన్నంగా ఉంటారు. గంతులేస్తారు, కొడతారు, మాట వినరు, ఉన్నట్టుండి ఏడుస్తారు. నిద్రమత్తును ఆపుకోవడానికి శరీరం రేగుతుంది, మనం దాన్ని అల్లరి అంటాం. క్లాసులో గిల్లేవాడు బస్సులో కూర్చున్న పది నిమిషాల్లో నిద్రపోతున్నాడా అని మీ ఆయమ్మను అడిగితే చాలు, సగం జవాబు దొరుకుతుంది.

కడుపునొప్పికి కారణం ఇంకా మామూలుది. పొట్ట పట్టి చూస్తే ఎడమవైపు కింద గట్టిగా తగిలింది, మలబద్ధకం. ప్లేస్కూలు రోజుల్లో లేచి, పాలు తాగి, తీరిగ్గా బాత్‌రూమ్‌కి వెళ్లేవాడు. ఇప్పుడు నిద్రకళ్లతో కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో లేపేస్తున్నారు. స్కూలు బాత్‌రూమ్ అంటే భయం. మూడు రోజులు ఆపుకుంటే ఏ బిడ్డకైనా పొద్దున కడుపు నొప్పే. ఖాళీ కడుపుతో, సగం నిద్రలో, గంటకు పైగా మలుపులు తిరిగే బస్సు. వాంతులు కాక ఏమవుతాయి?

గురక ఉందా, నోరు తెరిచి పడుకుంటాడా అని అడిగాను. లేదన్నారు. వారంలో చాలా రాత్రులు గురక పెట్టే పిల్లలకు మాత్రం పడక టైము ఎంత ముందుకు జరిపినా లాభం ఉండదు. అడినాయిడ్స్, టాన్సిల్స్ వాచి ఉన్నాయేమో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. వీడికి అది లేదు కాబట్టి సమస్య టైముదే.

మలబద్ధకానికి మందు రాశాను. రెండో మందు మీ స్కూలు లాంటి ఒక స్కూలు చేతిలో ఉంది. వాళ్లమ్మ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చుట్టూ తిరిగితే తెలిసిందేమిటంటే, అదే స్కూలుకి వెళ్లే ఇంకో రూట్ బస్సు వాళ్లింటికి ఆరేడు వందల మీటర్ల దూరంలో 7:15కి ఆగుతుంది. అందులో సీటు కూడా ఉంది. ఎవరూ చెప్పలేదంతే. తాతయ్య చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒప్పుకున్నారు. లేచే టైము 6:20 అయింది. ఒక్క బస్సు మార్పుతో ముప్పైఐదు నిమిషాల నిద్ర.

మిగతాది ఇంట్లో చేశారు. దాన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరు మే నెలలోనే టైములు ఎందుకివ్వాలో ఇందులోనే ఉంది.

పదిన్నరకి పడుకునే అలవాటున్న బిడ్డను ఒక్కసారిగా ఎనిమిదికి పడుకోబెడితే పడుకోడు. మొండితనంతో కాదు. రోజూ నిద్రపోయే టైముకి ముందు రెండు గంటల పాటు శరీర గడియారం మనిషిని బాగా మెలకువగా ఉంచుతుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఇంట్లో పిల్లలు పరుగులు పెట్టేది అందుకే. ఆ టైములో లైటు తీసి పక్కన పడుకోబెట్టి 'కళ్లు మూసుకో' అని గంటసేపు బెదిరిస్తే, వాడికి పడకంటేనే చిరాకు పుడుతుంది. అందుకని ముందు లాగాల్సింది లేచే టైముని. లేచాక ఎండపొడ కంట్లో పడాలి. బాల్కనీలోనో, వీధి అరుగు మీదో పాల గ్లాసుతో కూర్చోబెట్టినా సరే. పొద్దుటి వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. జూన్ మొదట్లో హైదరాబాదులో 5:45 లోపే సూర్యోదయం అవుతుంది కాబట్టి ఈ పనికి అంతకంటే మంచి కాలం లేదు. తర్వాత పడుకునే టైముని రెండు మూడు రోజులకోసారి పదిహేను నిమిషాలు ముందుకు తేవాలి. పదిన్నర నుంచి ఎనిమిదింపావుకి రావాలంటే తొమ్మిది మెట్లు, అంటే దాదాపు మూడు నుంచి నాలుగు వారాలు. ఆదివారమైనా గంటకు మించి ఎక్కువ పడుకోనివ్వకూడదు, లేకపోతే రెండు మెట్లు వెనక్కి జారతాడు.

రాత్రి వెలుగు దీనికి పూర్తిగా అడ్డం పడుతుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2018లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. పడుకునే ముందు గంటసేపు బాగా వెలుతురున్న బల్ల మీద ఆడించి, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఎంత ఉందో కొలిచారు. దాదాపు 88 శాతం పడిపోయింది. లైటు తీసేసి 50 నిమిషాలైనా ఎక్కువమంది పిల్లల్లో అది కోలుకోలేదు. పాల్గొన్నది పదిమంది పిల్లలే, అది గుర్తుంచుకోవాలి. అయినా చిన్నపిల్లల కళ్లు పెద్దవాళ్ల కళ్లకంటే ఎక్కువ వెలుగు లోపలికి పంపుతాయన్నది తెలిసిన సంగతే. అందుకే ఆ బాబు ఇంట్లో ఏడున్నర నుంచి హాల్లో ట్యూబ్‌లైట్ ఆపి చిన్న పసుపు బల్బు వేయమన్నాను. నాయనమ్మకి సీరియల్ కావాలి, ఆవిడ తన గదిలో తలుపేసుకుని చూడటానికి ఒప్పుకుంది. అన్నం ఏడుకి నాయనమ్మే పెట్టింది. అన్నిటికంటే కష్టమైంది నాన్నతో. ఆయన ఎనిమిదిన్నరకి వచ్చేసరికి పిల్లాడు నిద్రలో ఉంటాడు. "ఇంక నా కొడుకుని నేనెప్పుడు చూసుకోవాలి?" అన్నాడు. న్యాయమైన మాటే. ఆయనే పొద్దున లేపి, స్నానం చేయించి, బస్సు దాకా తాతయ్యతో పాటు వెళ్లేట్టు మాట్లాడుకున్నారు.

సాయంత్రం బస్సులో కునుకు విషయం మేం పట్టించుకోలేదు. ఆ వయసులో చాలామంది పగటి నిద్ర మానేస్తారు కాబట్టి, ఐదేళ్ల బిడ్డ రోజూ బస్సులో పడి నిద్రపోతోందంటే రాత్రి చాలడం లేదనే అర్థం. రాత్రి నిద్ర పది గంటలకు చేరుకునే కొద్దీ ఆ కునుకు దానంతటదే తగ్గింది. స్టాపులో దిగాక ఇంటికెళ్లి మళ్లీ పడుకోనివ్వొద్దు అని మాత్రం చెప్పాను. ఐదు దాటాక పడుకున్న అరగంట రాత్రి గంటను తినేస్తుంది. ఆగస్టులో వాళ్లమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి చెల్లెలి టీకాకి. డైరీలో గిల్లుడు ఫిర్యాదులు ఆగాయట. రాయడం మాత్రం ఇప్పటికీ బద్ధకమే అంది. నిద్ర దేనికి మందో దానికే మందు.

ఇక మీ సంగతికి వస్తాను. తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. పైన చెప్పిన మూడు వారాలు వెనక్కి వెళితే మే 20 చుట్టుపక్కల పిల్లాణ్ని తయారుచేయడం మొదలుపెట్టాలి. మీ దగ్గర్నుంచి బస్సు టైము వాట్సాప్ గ్రూపులో వచ్చేది ఎప్పుడు? నేను అడిగిన చాలామంది తల్లిదండ్రులకు జూన్ 10, 11 తేదీల్లో వచ్చింది. మొదటి వారంలో రెండుసార్లు మారింది కూడా. అడ్మిషన్ ఫీజు జనవరిలో, ట్రాన్స్‌పోర్ట్ ఫీజు ఏప్రిల్‌లో కట్టించుకున్నాక, ఏ వీధిలో ఎంతమంది పిల్లలున్నారో మీకు మేలోనే తెలిసి ఉంటుంది. పక్కా టైము కాకపోయినా 'ఆరున్నర నుంచి ఆరుముప్పావు మధ్య' లాంటి మాట కూడా అప్పుడు పనికొస్తుంది. బడి తెరిచాక రెండో శనివారానికి సరిచేసిన షీటు ఇవ్వండి, ఎవరూ తప్పుపట్టరు.

రెండో విషయం, రూట్ దిశ. పొద్దున మొదట ఎక్కిన బిడ్డ, బస్సు వచ్చిన దారినే తిరిగి వెళితే సాయంత్రం ఆఖరున దిగుతుంది. రెండు పూటలా ఎక్కువసేపు బస్సులో ఉండేది ఆ ఒక్క స్టాపు పిల్లలే. సాయంత్రం కూడా పొద్దుటి వరసలోనే చుట్టు తిప్పితే పొద్దున మొదట ఎక్కినవాళ్లు సాయంత్రం మొదట దిగుతారు. లేదా దసరా సెలవుల తర్వాత దిశ మార్చండి. డీజిల్ ఖర్చు పెద్దగా మారదు, కష్టం మాత్రం పంచుకున్నట్టవుతుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఒక వైపు ప్రయాణం 40 నిమిషాలు దాటకుండా చూడమని నా కోరిక. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా అనుభవంతో చెబుతున్న హద్దు. అంతకు మించితే అదే పేటలో తర్వాత వచ్చే వేరే రూట్ బస్సు ఏదో తల్లిదండ్రులకు మీరే చెప్పండి. వాళ్లు నడుస్తారు.

స్కూలు టైమే మార్చమని అడగొచ్చుగా అని మీరనుకోవచ్చు. మహారాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో అదే చేసింది. ప్రీ ప్రైమరీ నుంచి నాలుగో తరగతి దాకా ఉదయం తొమ్మిది లోపు క్లాసులు పెట్టొద్దని ఉత్తర్వు ఇచ్చింది, పిల్లలకు నిద్ర చాలడం లేదన్న కారణంతోనే. అక్కడ బస్సుల వాళ్లు ట్రాఫిక్ అన్నారు, ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు కొందరు మా ఆఫీసు టైములకు కుదరదన్నారు. ఆ అభ్యంతరాలు మన దగ్గరా ఉంటాయి, ఉత్త సాకులు కావవి. ఎనిమిదికే ఆఫీసుకు బయల్దేరే ఇంట్లో తొమ్మిది గంటల బడి అంటే ఇంకో ఏర్పాటు చూసుకోవాలి. అందుకే నేను టైము మార్చమని పట్టుబట్టడం లేదు. కానీ పెద్ద తరగతులకూ చిన్న తరగతులకూ రెండు ట్రిప్పులు వేసే స్కూళ్లలో, మొదటి ట్రిప్పు ఎవరిదన్నది తేల్చేటప్పుడు పైన చెప్పిన లెక్క ఒకసారి వేయండి. పెద్దవాళ్లకూ పొద్దుటి నిద్ర అవసరమే, ఆ సంగతి ముందే చెప్పాను. అయితే పదిహేనేళ్ల వాడు 55 నిమిషాల్లో కాదు, పావుగంటలో తయారై బస్సెక్కుతాడు.

హోంవర్క్ గురించి ఒక్క మాట. ఒకటో తరగతి గ్రూపులో రాత్రి ఎనిమిదిన్నరకి 'రేపు ఆకుపచ్చ డ్రెస్, మూడు రకాల ఆకులు పంపండి' అని మెసేజ్ పెడితే ఆ ఇంట్లో ఇక ఎవరూ పడుకోరు. సాయంత్రం ఐదు తర్వాత చిన్న తరగతుల గ్రూపుల్లో ఏమీ పెట్టొద్దని టీచర్లకు చెప్పండి. నిజానికి వాళ్లకీ అదే కావాలి.

చివరిగా, బస్సులో నిద్రపోయే పిల్లల భద్రత. ఐదేళ్ల బిడ్డ సీటు మీద వాలిపోతే కిటికీలోంచి చూస్తే కనబడదు. ఒక్కోసారి సీటు కిందికి జారిపోయి కూడా పడుకుంటారు. ట్రిప్పు అయ్యాక ఆయమ్మ ముందు గుమ్మం దగ్గర నిలబడి "అందరూ దిగారా" అని కేకేస్తే చాలదు, నిద్రలో ఉన్న పిల్ల పలకదు. ప్రతి ట్రిప్పు తర్వాత ఆఖరి సీటు దాకా నడిచి, సీట్ల కింద వంగి చూసి, అప్పుడే డ్రైవరు తలుపు వేయాలి. మూసిన బస్సు ఎండలో ఎంత త్వరగా కాగిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా, పిల్లలు కొత్త టైముకి ఇంకా అలవాటు పడని ఆ నెలల్లో, బస్సులో నిద్రపోయే చిన్నపిల్లల పేర్లు ఆయమ్మ ఒక కాగితం మీద రాసిపెట్టుకుని వారానికోసారి క్లాస్ టీచరుకి ఇస్తే, ఎవరింటికి ఫోన్ చేయాలో మీకే తెలుస్తుంది. ఆ పేర్లలో ఎక్కువమంది మొదటి రెండు స్టాపుల పిల్లలే అయితే ఆ రూట్ షీటు మళ్లీ తెరవండి.

ఇట్లు,
హైదరాబాదు శివార్ల నుంచి ఒక పిల్లల డాక్టరు